ఫోన్ నంబర్లు దాచడానికి హాష్ సరిపోతుందా, సగం అంకెలు చెరిపేయడమే మేలా?

బయటి పరిశోధకులకు రెండు టేబుళ్లు ఇవ్వాలి: ఒకటి ఆర్డర్లది, ఇంకొకటి ఫిర్యాదులది. రెండింటినీ కలిపేది ఫోన్ నంబరే.

మొదట చివరి 4 అంకెలు మాత్రం ఉంచాను. 4 అంకెలతో వచ్చేవి 10,000 రకాలే. మా దగ్గర 2 లక్షల మంది ఉన్నారు, అంటే ఒక్కో దానికి సగటున 20 మంది. ఇక టేబుళ్లు ఎలా కలుస్తాయి?

తర్వాత SHA-256 వాడాను. హాష్‌ని వెనక్కి తిప్పలేమని ధీమాగా ఉన్నాను (ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తోంది). సహోద్యోగి తిప్పే పనే పెట్టుకోలేదు. 10 అంకెల నంబర్లు మొత్తం వెయ్యి కోట్లే కదా, అన్నింటికీ వరసగా హాష్ కట్టి పోల్చాడు. సెకనుకు కోటి చొప్పున 17 నిమిషాల్లో అయిపోతుంది. అందరికీ ఒకే సాల్ట్ కలిపి, దాన్ని ఫైలుతోపాటే ఇచ్చినా ఇదే గతి.

ఇప్పుడు రహస్య కీతో ఇలా చేద్దామనుకుంటున్నాను:

```python
hmac.new(key, num.encode(), hashlib.sha256).hexdigest()
```

ముందుగా ఖాళీలు, దేశం కోడ్ ఒకే తీరుకు తెస్తున్నాను, లేకపోతే ఒకే మనిషికి రెండు హాష్‌లు వస్తాయి.

నా సందేహం: కీ మా దగ్గరే ఉన్నంతకాలం జీడీపీఆర్ లెక్కలో మాకు ఇది వ్యక్తిగత సమాచారమే. ఫైలు ఇచ్చాక కీని చెరిపేస్తే అనామకం అవుతుందా, లేక పిన్‌కోడ్, ఆర్డర్ తేదీ కాలమ్‌లే మనిషిని పట్టిస్తాయా? ఇలా చేసినవాళ్లు ఆ కాలమ్‌లను ఏం చేశారో చెప్పగలరా?