ఒట్టు పెట్టుకుంటే భయం పోతుందా? హస్తప్రయోగం, పాపభీతి, కొత్తగా పెండ్లయిన మగవాడు

బుగ్గవంక (కడప)

మా ఇంట్లో కట్టుబాట్లు చానా గట్టివి. పదమూడేండ్లప్పుడు హస్తప్రయోగం చేస్తా నాయన కంటపడితే, "ఇది పాపం. నరాలు చచ్చుబడతాయి, రేపు పెండ్లాం దగ్గర పనికిరావు" అన్నాడు. ఆ మాట నన్ను వదల్లేదు, అలవాటూ వదల్లేదు. ఇప్పుడు పెండ్లయి ఐదు వారాలు. పొద్దున లేచేసరికి బాగానే ఉంటాది, ఒంటరిగా ఉన్నప్పుడూ బాగానే ఉంటాది. ఆమె దగ్గరికి పోతే నిమిషంలో మెత్తబడిపోతాది. దేవుని ముందర ఒట్టు పెట్టుకుని పూర్తిగా మానేస్తే సరిపోతాదా, లేక ఆ ఒట్టే చేటు చేస్తాదా?

హంద్రీ గట్టు (కర్నూలు)

ఒట్టు పెట్టుకో తమ్ముడూ, ఆలోచించొద్దు. నలభై బొట్ల రక్తం ఒక బొట్టు వీర్యమవుతాదని పెద్దోళ్ళు ఊరికే అనలేదు. అయ్యప్ప మాల వేసుకున్నోళ్ళు 41 దినాలు నిష్ఠగా ఉంటారు కదా, వాళ్ళ మొహంలో కళ చూడు, నిదానం చూడు. నువ్వూ అట్లా ఉంటే ఆ బలమంతా ఆమె దగ్గర అక్కరకొస్తాది. తప్పు మానేస్తే తప్పు చేసినానన్న బెదురు కూడా పోతాది.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

బుగ్గవంక తమ్ముడూ, పొద్దున లేచేసరికి బాగుంటుందన్న మాట ఒక్కటే చాలా సంగతి చెబుతోంది. నిద్రలోనూ, ఒంటరిగానూ గట్టిపడుతోందంటే రక్తనాళాలూ నరాలూ పనిచేస్తున్నాయనే. చచ్చుబడిన నరం ఆమె ముందు మాత్రమే చచ్చుబడదు. పొద్దుటిది కూడా నెలల తరబడి రాకపోయినా, షుగరో బీపీ మాత్రలో ఉన్నా నేను ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు, ముందు రక్తపరీక్ష చేయించుకోమనేవాణ్ణి.

అంగం గట్టిపడటం మన ఆజ్ఞతో జరిగే పని కాదు. ఒళ్ళు నిమ్మళంగా ఉన్నప్పుడు పనిచేసే నరాలు అక్కడి రక్తనాళాలను వదులు చేస్తాయి, రక్తం నిండుతుంది. కుక్క తరిమినప్పుడు పనిచేసే నరాలు అవే నాళాలను బిగిస్తాయి, వచ్చిన రక్తం వెనక్కి పోతుంది. పదమూడేండ్ల నుంచి నువ్వు ఆ పని ఎట్లా చేసి ఉంటావో ఊహించడం కష్టం కాదు. బాత్రూమ్ గడియ పెట్టి, కొళాయి తిప్పి, బయట అడుగుల చప్పుడు వింటూ, రెండు నిమిషాల్లో ముగించి, ఆ వెంటనే తిట్టుకోవడం. అంటే కోరిక పుట్టిన ప్రతిసారీ భయం కూడా పక్కనే ఉంది. ఏండ్ల తరబడి ఆ రెండూ జంటగా నడిచాయి. ఇప్పుడు భార్య దగ్గర కోరిక పుట్టగానే భయం కూడా పిలవకుండానే వస్తోంది. దానికి నాయన మాట తోడైంది. మెత్తబడగానే "అదిగో, చెప్పినట్టే అయింది" అని మనసు అంటుంది, అప్పటి నుంచి నువ్వు ఆమెను చూడటం మానేసి నిన్ను నువ్వు చూసుకుంటున్నావు. ఉందా, పోయిందా అని. ఆ కాపలాయే దాన్ని పోగొడుతోంది.

ఒట్టు ఈ కాపలాను పెంచుతుంది. పన్నెండో రోజు రాత్రి మెత్తబడితే ఒట్టు చాలలేదనిపిస్తుంది. ఒకసారి ఒట్టు తప్పితే, తర్వాతి ఓటమి దానికి శిక్షలాగా కనిపిస్తుంది. నిద్రలో స్ఖలనమైతే, అది మనిషి చేతిలో లేని సంగతైనా, ఒట్టు పోయిందని కుమిలిపోయి పడుకోవడానికే జంకేవాళ్ళు ఉంటారు.

హంద్రీ అన్నా, మాల సంగతి మీరు బాగా గుర్తుచేశారు, అయితే కారణం వేరు. మాలలో ఉన్నవాడు భార్య దగ్గరికి పోడు, రాత్రికి పరీక్ష లేదు. ఆ నిదానం వీర్యం మిగిలినందుకు వచ్చింది కాదు.

గుత్తి రోడ్డు (అనంతపురం)

నాకూ ఇదే జబ్బు. పదేండ్ల అలవాటు, వీర్యం నీళ్ళలాగా పల్చబడింది, మూత్రంలో తెల్లగా ధాతువు పోతోంది. పిల్లలు పుడతారా? లాడ్జీలో దిగిన డాక్టరు మూడు నెలల కోర్సు, పొడి, తైలం కలిపి పద్దెనిమిది వేలు అన్నాడు. ఒట్టు కంటే కోర్సు మేలు కదా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

గుత్తి రోడ్డు తమ్ముడూ, మీది వేరే ప్రశ్న, ముందు దానికి చెబుతాను. మూత్రం తెల్లగా ఉంటే గాజు గ్లాసులో పట్టి నాలుగు చుక్కల వెనిగర్ వేసి చూడండి. తేటపడితే అది ఫాస్ఫేట్, తిండిని బట్టీ నీళ్ళు తక్కువ తాగడాన్ని బట్టీ వచ్చే ఉప్పు, వీర్యం కాదు. తేటపడకపోయినా, మంట ఉన్నా మామూలు మూత్రపరీక్ష చేయించండి, ఇన్ఫెక్షన్ కావచ్చు. మలవిసర్జనకు ముక్కినప్పుడు జిగటగా ఒకటి రెండు చుక్కలు వస్తే అది ప్రోస్టేట్ గ్రంథి ద్రవం. ఈ ధాతువు భయానికి 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టారు. అందులో నీరసం నిజమే, నిద్ర పట్టకపోవడం నిజమే, అవి దిగులువల్ల వస్తాయి.

వీర్యం ఒకసారికి మామూలుగా ఒకటిన్నర నుంచి ఐదు మిల్లీలీటర్లు, అంటే చెంచాలోపు. అందులో ఎక్కువ భాగం నీళ్ళే. రోజూ పోతే పల్చగా, నాలుగు రోజులు ఆగితే చిక్కగా ఉంటుంది. రక్తం నుంచి బొట్టు బొట్టుగా వడకట్టేది కాదు. పిల్లల సంగతి తేలాలంటే రెండు నుంచి ఏడు రోజులు ఆగి వీర్యపరీక్ష చేయించుకోండి, ఊహించుకోవద్దు.

ఆ పొడి మాత్రం ముట్టొద్దు. ఇట్లాంటి పొడుల్లో స్టెరాయిడో, వయాగ్రాలో ఉండే సిల్డెనాఫిల్ మందో కలిపినవి దొరుకుతుంటాయి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలు వాడేవాళ్ళకు సిల్డెనాఫిల్ పడితే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. మగతనం పెంచుతామని ప్రకటనలివ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం, అయినా గోడల మీద రాతలు ఆగలేదు.

హంద్రీ గట్టు (కర్నూలు)

రక్తం మాట వదిలేస్తా. పాపం కాదంటావా మరి? డాక్టర్లందరూ చేసుకోండి, ఏమీ కాదంటారు. నమ్మకం ఉన్న పిల్లోనికి ఆ మాట ఎట్లా ఎక్కుతాది?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

ఎక్కదన్నా. భక్తి గల కుర్రాడికి "ఇది పాపమే కాదు పో" అంటే అతని దిగులు తగ్గదు, చెప్పినవాడి మీద నమ్మకం తగ్గుతుంది. పాపమా కాదా అన్నది అతని గురువుతోనో, పాస్టరుతోనో, మౌల్వీతోనో తేల్చుకోవాలి. ఆ నాయన మాటలో రెండు మాటలు ముడిపడి ఉన్నాయి. పాపమన్నది విశ్వాసం. నరాలు చచ్చుబడతాయన్నది ఒంటి గురించిన మాట, అది తప్పు. మన పక్కనే కాదు, 1760 ప్రాంతంలో స్విట్జర్లాండ్ వైద్యుడు టిస్సో కూడా ఇదే భయాన్ని వైద్యం పేరుతో యూరప్ అంతా పంచాడు. ఈ ముడి విప్పితే మొదటి మాటను అతను ఉంచుకోవచ్చు, మార్చుకోవచ్చు. భార్య దగ్గర మెత్తబడటాన్ని దేవుడిచ్చిన శిక్ష అనుకోవడం మాత్రం ఆగుతుంది.

పెన్నమ్మ (తాడిపత్రి)

అంతా అతని గురించే మాట్లాడుతున్నారు. ఐదు వారాలుగా ఆ పిల్ల ఏమనుకుంటూ ఉంటుంది? నేను నచ్చలేదనో, ఇంకొకతె ఉందనో. ఆడపిల్లలకూ అక్కడ చెయ్యి తగలకూడదని, కాళ్ళు దగ్గర పెట్టుకుని కూచోమని చెప్పే పెంచుతారు. భయంతో తొడలు, లోపలి కండరాలు బిగుసుకుంటే ఆమెకు నొప్పి. ఆ నొప్పి ఆమె మొహంలో చూసి అతను మెత్తబడితే, తప్పు తనదేనని ఇద్దరూ అనుకుంటారు. ముందు ఆమెతో మాట్లాడనీయండి.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

పెన్నమ్మ గారూ, మీ మాట నేను ముందే రాసి ఉండాల్సింది. బుగ్గవంక తమ్ముడూ, పడకలో కాదు, పగలు, ఇద్దరూ బట్టలతో ఉన్నప్పుడు చెప్పు. "నువ్వు నచ్చకపోవడం కాదు, నాకు భయం. భయంవల్ల పోతోంది. కొన్నాళ్ళు ఆ పని పక్కన పెడదాం." ఇంతే చాలు.

తర్వాత రెండు వారాలు సంభోగం వద్దని ఇద్దరూ ఒప్పుకోండి. గట్టిపడినా సరే వద్దు. ఈ పద్ధతి మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు అమెరికా పరిశోధకులు 1970లో లోకానికి చెప్పింది, ఇప్పటికీ ఇదే మొదలు. రోజు విడిచి రోజు, ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు. ఒకరు పడుకుంటే ఇంకొకరు వీపు, చేతులు, మెడ, కాళ్ళు నిదానంగా తాకాలి. రొమ్ములూ, కింది భాగాలూ ఈ రెండు వారాలూ ముట్టొద్దు. సగం సమయమయ్యాక మారండి. వెచ్చగా ఉందా, గరుకుగా ఉందా అని చర్మం మీదే మనసు పెట్టు. "ఉందా, పోయిందా" అన్న ఆలోచన వస్తే దానితో వాదించకుండా మళ్ళీ చెయ్యి ఆనుకున్న చోటికి మనసు తెచ్చుకో.

మూడో వారం కింది భాగాలను కూడా తాకొచ్చు. గట్టిపడగానే ఆపండి. కావాలనే నాలుగైదు నిమిషాలు వేరే మాటలు మాట్లాడుకుని మెత్తబడనివ్వండి, మళ్ళీ మొదలుపెట్టండి. ఒక రాత్రిలో రెండు మూడు సార్లు ఇట్లా. పోయింది మళ్ళీ వస్తుందని ఒళ్ళు నేర్చుకునేది ఇక్కడే. ఇది కుదిరాక ఆమె పైన ఉండి, కదలకుండా కాసేపు లోపల ఉంచుకోవడం. కదలిక చివర్లో. ఆమెకు నొప్పైతే ఆగిపోండి, గైనకాలజిస్టును కలవండి.

చానామందికి చెడేది ఇక్కడే. గట్టిపడింది కదా, ఉన్నప్పుడే చేసేద్దామని తొందరపడతారు. ఆ తొందర మళ్ళీ పరీక్షే, పోతే మొదటికొస్తారు. రెండో పొరపాటు, మధ్యలో ఒంటరిగా వెళ్ళి పనిచేస్తోందా లేదా అని చూసుకోవడం. ఎన్నిసార్లు గట్టిపడిందో లెక్కపెట్టొద్దు. అరగంటలో ఎన్నిసార్లు కాపలా కాశావో చూసుకో, అది తగ్గుతుంటే దారిలో ఉన్నట్టు.

పెన్నమ్మ (తాడిపత్రి)

పద్ధతి బాగుంది, ఇల్లే అడ్డం. అత్తమామలు పక్క గదిలో, గోడ పల్చన, నెల తిరక్కముందే విశేషమా అని అడుగుతారు. అంతేకాదు, భయం చెప్పి అలవాటు దాచితే రేపు ఆమె కంటపడినప్పుడు మోసం అనుకోదా? అదీ చెప్పాలంటాను.

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

ఇక్కడ మీతో ఏకీభవించలేను. ఐదో వారంలో ఆ మాట పాపం ఒప్పుకోలులాగా బయటికొస్తే, క్షమించాల్సిన బరువు ఆమె మీద పడుతుంది. భయం తగ్గాక మామూలు మాటగా చెప్పొచ్చు. ఇల్లు అడ్డమన్నది నిజం. ఫ్యాను వేసి, గడియ పెట్టి, మాట్లాడకుండా చేసినా ఈ పద్ధతి నడుస్తుంది.

పెన్నమ్మ (తాడిపత్రి)

ఆమె క్షమించాలని మీరెందుకు అనుకుంటున్నారు? ఆమెకూ అదే అలవాటు ఉండి, ఆమే చెప్పలేక ఉంటే?

హంద్రీ గట్టు (కర్నూలు)

తమ్ముడూ, ఒట్టు మంచిదే అని నేను ఇప్పటికీ అంటా. పెట్టుకుంటే ఆమెతో కలిసి ఆ రెండు వారాల ఒట్టు పెట్టుకో.

బుగ్గవంక (కడప)

హంద్రీ అన్నా, ఆ మాట నాకు పట్టింది. ఆదివారం మధ్యాహ్నం మా అమ్మోళ్ళు ప్రొద్దుటూరు పోతారు, అప్పుడు చెప్తా. అలవాటు సంగతి చెప్పేది లేనిది ఇంకా తేల్చుకోలేదు. ఇంకొకటి అడగాల. నిద్ర పట్టక, బతికి ఏం లాభమని రెండు మూడు సార్లు అనిపించింది. అది కూడా ఈ భయంలో భాగమేనా?

కొండారెడ్డి బురుజు (కర్నూలు)

భాగమే కావచ్చు, కానీ దానికి ఆదివారం దాకా ఆగొద్దు. ఈ రాత్రే 14416కు ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వ టెలీమానస్, డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. రేపు పొద్దున పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి పో. ఇక్కడ రాసిన నాలుగు వాక్యాలే అక్కడ చెప్పు, ఇంకేమీ వివరించక్కర్లేదు. ఫోన్ చేశాక ఇక్కడ ఒక్క మాట రాయి, మేలుకునే ఉంటాను.