ఎమోజీ ర్యాంకులు చూసి ఒక జాతి మనసు చెప్పేయొచ్చా?

కృష్ణాతీరం: ఫ్రెంచి వాళ్లు ఎక్కువగా వాడేది గుండె బొమ్మట, మిగతా భాషల్లో నవ్వు మొహాలట. అంటే వాళ్లు నిజంగానే అంత రొమాంటిక్కా? ఈ ర్యాంకుల్ని ఎంతవరకు నమ్మొచ్చు?

పాతరాయి: పూర్తిగా నమ్మొచ్చు. 2015లో స్విఫ్ట్‌కీ కీబోర్డ్ వాళ్లు వంద కోట్లకు పైగా ఎమోజీలు లెక్కేశారు. ఫ్రెంచిలో గుండెల వాడకం మిగతా భాషల కన్నా నాలుగు రెట్లు. అరబిక్‌లో పూలు, మొక్కలు కూడా సగటుకు నాలుగింతలు. ఎడారి మనుషులకి పచ్చదనం మీద మోజు ఉండదా మరి!

లెక్కలపిచ్చి: అంకెలు సరే, ఎడారి మాత్రం మీరు కలిపింది. బీరూట్ వాళ్లదీ అరబిక్కే కదండీ, అక్కడ ఎడారెక్కడుంది? అరబిక్ పేరే ఎత్తారు కాబట్టి ఇది వినండి. ట్విట్టర్‌లో ఎమోజీల్ని లైవ్‌గా లెక్కపెట్టే ఎమోజీట్రాకర్‌లో 2018లో ♻️ బాగా పైకి ఎగబాకింది. జనానికి పర్యావరణం మీద ప్రేమ పుట్టిందా అంటే, లేదు. కొన్ని అరబిక్ దువా యాప్‌లు వాడేవాళ్ల ఖాతాల నుంచి ప్రార్థనల్ని వాటంతటవే ట్వీట్ చేసేవి. వాటిలో ♻️ ఉండేది, 'నలుగురికీ పంచండి' అనే అర్థంలో. మనిషి వేలు కూడా కదల్చలేదు, ర్యాంకు మాత్రం వచ్చేసింది. అనుమానం వస్తే ఒకటే పని: ఆ ఎమోజీ ఉన్న పోస్టులు ఓ వంద తెరిచి చదవడం. ఒకే వాక్యం పదే పదే కనిపిస్తే దాని వెనక యాప్ ఉన్నట్టే.

కమల_తెనాలి: మా ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే అందరూ 🙏 పెడతారు. మా అత్తయ్యైతే కరెంటు బిల్లు కట్టానన్నా అదే. మేమేం భక్తులం కాదు బాబూ!

లెక్కలపిచ్చి: జపాన్‌లోనూ దాన్ని 'థాంక్స్', 'ప్లీజ్' అనడానికి వాడతారండీ. ఇంకో తిరకాసుంది. మనలో చాలామంది తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతాం. కీబోర్డ్ భాషని బట్టి లెక్కేస్తే మీ అత్తయ్య 🙏 ఇంగ్లిష్ ఖాతాలో పడుతుంది.

కృష్ణాతీరం: అయితే ఫ్రెంచి గుండె కూడా యాప్ మాయేనా?

లెక్కలపిచ్చి: కాదనుకుంటా. 2016లో మిచిగన్, పెకింగ్ యూనివర్సిటీల వాళ్లు కికా అనే వేరే కీబోర్డ్ డేటా చూస్తే, అందులోనూ ఫ్రాన్స్ గుండెల వైపే మొగ్గింది. రెండు కీబోర్డులు ఒకే మాట చెప్పాయంటే తేడా ఉందనే అర్థం. కానీ ఫ్రాన్స్‌లో అమ్మకో స్నేహితుడికో మెసేజ్ పెట్టినా చివర 'ముద్దులు' అని రాయడం మామూలే. గుండె ఆ చోటే తీసుకుంటే అది సంతకం లాంటిది, ప్రేమ అనక్కర్లేదు.

పాతరాయి: ఉత్తరం చివర ముద్దులు రాసే అలవాటు సంస్కృతి కాదా? నా మాటే కదా మీరూ అంటున్నది!

లెక్కలపిచ్చి: అలవాటు అనండి, ఒప్పుకుంటా. స్వభావం అంటేనే పేచీ. గుండె మెసేజ్ చివర వచ్చిందా మధ్యలోనా, ఎవరికి పంపారు అన్నది ర్యాంకు పట్టికలో ఉండదు.