గోడ మీది రంగుల చార్టు ఉంచాలా, తీసేయాలా?

కొత్త టీచరు:
నేను మూడో తరగతికి చెబుతున్నాను, 36 మంది పిల్లలు. గోడ మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పట్టీల చార్టు ఉంది. అల్లరి చేస్తే పేరు రాసిన క్లిప్పును కిందికి జరుపుతాం. ఒక అబ్బాయి క్లిప్పు రోజూ పది గంటలకే ఎరుపులోకి చేరుతోంది, పిల్లలు వాణ్ని ‘ఎర్ర క్లిప్పు’ అని పిలవడం మొదలుపెట్టారు. చార్టు తీసేస్తే తరగతి అదుపు తప్పుతుందా?

విశ్రాంత హెడ్మాస్టరు:
ముప్ఫై ఏళ్ళు బడి నడిపాను. మా కాలంలో చార్టులూ లేవు, క్లిప్పులూ లేవు. బల్ల మీద బెత్తం ఉంటే చాలు, దాన్ని ఎత్తవలసిన అవసరం కూడా వచ్చేది కాదు. క్రమశిక్షణే వద్దంటే ఇక బడి ఎందుకు?

గోదారి గట్టు:
సార్, క్రమశిక్షణ వద్దని ఆవిడ ఎక్కడా అనలేదు. పైగా 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షను పిల్లల్ని కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది.

నల్లబల్ల:
ఎర్ర క్లిప్పు వేధింపు ఎలా అవుతుంది? అది శిక్ష కాదు, సమాచారం. ట్రాఫిక్ సిగ్నల్ లాంటిదే. నా తరగతిలో 42 మంది ఉన్నారు. చార్టు పెట్టిన వారంలోనే గోల సగానికి తగ్గింది. ‘చూడండి, ఫలానా అమ్మాయి ఎంత బుద్ధిగా కూర్చుందో’ అని ఒక్క మాట అంటే తరగతి మొత్తం నిటారుగా కూర్చుంటుంది.

గోదారి గట్టు:
సిగ్నల్ దగ్గర ఎర్రదీపం అందరికీ కలిపి వెలుగుతుంది. బండి నంబరు రాసి దీపం కింద వేలాడదీయరు కదా.

పలక:
కొత్త టీచరు గారూ, పది గంటలకే ఎరుపులో ఉన్నవాడికి సాయంత్రం దాకా పోగొట్టుకోవడానికి ఏమీ మిగలదు, కాబట్టి ఆ తర్వాత చార్టు వాడి మీద పనిచేయదు. నా తరగతిలో జరిగింది చెబుతాను. ఒక అబ్బాయి అస్తమానం లేచి తిరిగేవాడు. ఏమీ మార్చకుండా ముందు మూడు రోజులు నా నోటుపుస్తకం అంచున గీతలు పెట్టుకుంటూ లెక్కించాను. 40 నిమిషాల పీరియడులో ఎనిమిది, తొమ్మిది సార్లు లేస్తున్నాడు. అసలు లేవవద్దంటే మొదటి రోజే ఓడిపోతాడు కనుక, అయిదుకు మించకుండా ఉంటే ఒక టిక్కు అని ఇద్దరం అనుకున్నాం. వాడి రఫ్ పుస్తకం వెనక అట్ట లోపల, అరచేతిలో పట్టేంత చీటీ అంటించి, రోజుకు అయిదు గళ్ళు గీశాను. పీరియడు చివర నోటుపుస్తకాలు చూసే నెపంతో వాడి దగ్గరికి వెళ్ళి, వంగి, టిక్కు పెట్టి ఒక్క వాక్యం చెప్పేదాన్ని. అయిదింట మూడు వస్తే సాయంత్రం బడి గంట వాడే కొట్టాలి. ఆ బహుమతి వాడు ఎంచుకున్నదే. రాకపోతే గడి ఖాళీగా ఉంటుంది, ఇంటూ గుర్తు ఉండదు, ఒకసారి పెట్టిన టిక్కును కొట్టివేయడం అసలే ఉండదు.

రెండో వారానికి నాలుగు గళ్ళలో టిక్కులు వస్తున్నాయి, తెలుగు పీరియడు గడి మాత్రం ఖాళీగానే మిగులుతోంది. పక్కన కూర్చోబెట్టుకుని చదివిస్తే అప్పుడు తెలిసింది, వాడికి ఒత్తులు గుర్తుపట్టడం రాదు. చదివే వంతు దగ్గర పడుతుంటే మంచినీళ్ళకని లేచిపోతున్నాడు. అక్కడ టిక్కులు ఎన్ని పెట్టినా దండగే, ఒత్తులు నేర్పాలి. గోడ మీది క్లిప్పు ఆ సంగతిని ఎన్నటికీ చెప్పేది కాదు.

చదువరి:
పొగడ్త మాటల విషయంలో ఒకటి గుర్తు చేస్తాను. మ్యూలర్, డ్వెక్ 1998లో ప్రచురించిన పరిశోధనలో, ‘తెలివైనవాడివి’ అనిపించుకున్న పిల్లలు తర్వాత పజిళ్ళు కష్టమయ్యేసరికి తొందరగా వెనక్కి తగ్గారు, కష్టపడ్డావని మెచ్చుకున్నవారు నిలబడ్డారు. కాబట్టి ఎప్పుడూ కృషినే మెచ్చుకోవాలి.

పలక:
‘ఎప్పుడూ’ అన్నచోటే చిక్కు ఉంది. ఆడుతూ పాడుతూ చేసిన లెక్కకు ‘ఎంత కష్టపడ్డావో’ అంటే పిల్లలకు నవ్వొస్తుంది; తప్పు చేసినవాడితో అంటే ఓదార్పులా వినబడుతుంది. చూసింది చూసినట్టు చెబితే చాలు: ‘ఒత్తు దగ్గర ఆగి, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివావు.’ ఇంకొకటి, మనం మెచ్చుకోలు అనుకుని ‘ఈ రోజైనా కుదురుగా కూర్చున్నావు’ అంటాం. ఆ ‘ఐనా’లో నిన్నటి అవమానమంతా తిరిగొస్తుంది. నల్లబల్ల గారు చెప్పిన మాట ఆ నిమిషానికి పనిచేస్తుంది, కాదనను; కానీ అది ఆ అమ్మాయిని మెచ్చుకోవడం కన్నా తక్కినవారిని మందలించడమే, ఆ కోపం విరామంలో ఆ అమ్మాయి మీదే పడుతుంది. ‘నాలుగో వరుసలో అందరూ పుస్తకాలు తీశారు’ అంటే ఆ పనీ జరుగుతుంది.

పాప నాన్న:
మా పాప క్లిప్పు ఏడాదంతా ఆకుపచ్చలోనే ఉంది. మేము మురిసిపోయాం. దసరా సెలవుల తర్వాత పొద్దున్నే కడుపునొప్పి అనడం మొదలుపెట్టింది. డాక్టరు ఏమీ లేదన్నారు. చివరికి ఒక రాత్రి, ‘రేపు నా క్లిప్పు పడిపోతే నువ్వు అమ్మమ్మకు చెబుతావా?’ అని అడిగింది. ఎరుపులో ఉన్న పిల్లల గురించే అందరూ మాట్లాడుతున్నారు కనుక ఇది రాయాలనిపించింది.

నల్లబల్ల:
ఆ చార్టులను కనిపెట్టింది నేను కాదు. ప్రభుత్వ బడిలో పది, పదిహేను మందిని పెట్టుకుని అట్టల వెనక చీటీలు అంటించడం సులువే. 42 మంది పక్కన వంగి వాక్యాలు చెప్పే తీరిక నాకు ఎవరిస్తారు?

పలక:
మా బడిలో అయిదు తరగతులకు ఇద్దరమే. తెలియకుండా మాట్లాడకండి. చీటీ 42 మందికీ ఎవరు పెట్టమన్నారు? అది ఒకరిద్దరికి మాత్రమే.

నల్లబల్ల:
సరే, ఉన్నది చెబుతాను. నెలకోసారి ప్రిన్సిపాల్ గారు తరగతికి వచ్చి మొదట చూసేది ఆ చార్టే. ఎరుపులో క్లిప్పులు ఎక్కువుంటే నాకు తరగతి అదుపు లేదంటారు, అసలు లేకపోతే చార్టు వాడటం లేదంటారు. తల్లిదండ్రుల సమావేశం రోజున దాని ముందు ఫోటోలు దిగుతారు. నా జీతం పెంపు మాటలో కూడా అది వచ్చింది. దాన్ని పిల్లలకంటే పెద్దవాళ్ళే ఎక్కువగా చదువుతున్నారు, నాకూ తెలుసు. తీసేయమని మీరందరూ సులువుగా అంటుంటే ఒళ్ళు మండింది.

పలక:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను అంత గొంతు పెంచేదాన్ని కాదు.

కొత్త టీచరు:
మా దగ్గరా అదే పరిస్థితి, చార్టు పూర్తిగా తీయనివ్వరేమో. పేర్లు తీసేసి, తరగతి మొత్తానికి ఒక గాజు సీసా పెట్టి, అందరూ కలిసి చేసిన మంచి పనికి ఒక చింతగింజ వేస్తే ఎలా ఉంటుంది? నిండితే ఒక పీరియడు చెట్టు కింద కథలు.

పలక:
బాగుంటుంది, ఒక షరతు మీద. వేసిన గింజను ఏ కారణంతోనూ వెనక్కి తీయకండి. నేనొకసారి ‘వీడి వల్ల పోయింది’ అన్నట్టుగా రెండు గింజలు తీశాను. ఆ రోజు విరామంలో వాడితో ఎవరూ ఆడలేదు. మొదటి సీసా చిన్నది పెట్టండి, వారంలోపు నిండేలా ఉండాలి. ఆ అబ్బాయి ఏ పీరియడులో ఎక్కువగా లేస్తున్నాడో మాత్రం విడిగా లెక్కించండి. సీసా ఆ సంగతి చెప్పదు.

విశ్రాంత హెడ్మాస్టరు:
గింజలు బయటికి తీయకూడదంటే మరి తప్పు చేసినవాడికి ఏమీ ఉండదా?

నల్లబల్ల:
ఆ ప్రశ్న నాకూ ఉంది సార్. కొత్త టీచరు గారూ, సీసా సంగతి మీ ప్రిన్సిపాల్ ఏమన్నారో ఇక్కడే రాయండి. ఈ శనివారం మా సమావేశం ఉంది, దాన్నిబట్టి నేనూ అడిగి చూస్తాను.