స్కూల్ జట్టు సీజన్ డాక్యుమెంటరీ: జరిగిన వరుస మార్చవచ్చా?

పత్తిచేను:
ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఒక జడ్పీ హైస్కూల్ అమ్మాయిల కబడ్డీ జట్టును (అండర్-17) జూన్ నుంచి నవంబర్ దాకా షూట్ చేశాను. 90 గంటల ఫుటేజ్ ఉంది, గంట సినిమా చేయాలి. సెప్టెంబర్‌లో మండల ఫైనల్ గెలిచారు. అక్టోబర్‌లో మా మెయిన్ రైడర్ పత్తి తీతకని 12 రోజులు బడికి రాలేదు. ఈ 12 రోజులను ఫైనల్‌కు ముందు పెడితే ‘వస్తుందా, రాదా’ అని మంచి టెన్షన్ వస్తుంది. ఉన్న వరుసలోనే పెడితే ఫైనల్ తర్వాత సినిమా చప్పబడిపోతోంది. మార్చడం తప్పా?

మూడో_అంకం:
మార్చేయండి అన్నా. డాక్యుమెంటరీ అంటే సీసీటీవీ కాదు కదా. ప్రాక్టీస్ షాట్ జులైదా ఆగస్టుదా అని ఎవరైనా చూస్తారా? అందరూ అటూ ఇటూ జరుపుతారు. ఇంకో మాట, సినిమా ఫైనల్లోని ఆఖరి రైడ్‌తో మొదలుపెట్టండి. పిల్ల లైన్ దాటబోతుండగా కట్ చేసి ‘మూడు నెలల క్రితం’ అని వేయండి. ఇంటర్వెల్‌కు పత్తి చేను, క్లైమాక్స్‌కు ఫైనల్. కథ మీ చేతిలో రెడీగా ఉంది.

ఖోఖో_అక్క:
ప్రాక్టీస్ షాట్ జరపడం వేరు, ఇది వేరు. ఫైనల్‌కు ముందు పత్తి చేను పెడితే చూసేవాడికి ఏం అర్థమవుతుంది? మండల ఫైనల్ ఉన్నా తండ్రి కూలి డబ్బుల కోసం కూతుర్ని ఆపేశాడని. ఆయన అలా చేయలేదు కదా, ఫైనల్ అయిపోయాకే తీసుకెళ్లాడు. రేపు ఊళ్లో ఇదే సినిమా ప్రొజెక్టర్ పెట్టి వేస్తారు. ఆ తండ్రి ఎక్కడ కూర్చుంటాడు, పక్కవాళ్లు ఏమంటారు, ఒకసారి ఆలోచించండి. నేను బడిలో ఖోఖో ఆడేటప్పుడు ఒక లోకల్ చానెల్ మా మీద చిన్న స్టోరీ చేసింది. మేం ఓడిన మ్యాచ్‌లో నేను ఏడుస్తున్నట్టు చూపించారు. నిజానికి ఆ ఏడుపు అంతకుముందు రోజు కాలి గోరు ఊడినప్పటిది. ఓటమి నా వల్లే అని ఇప్పటికీ మా చుట్టాల్లో కొందరు అంటారు.

పాతకాపు_పీఈటీ:
బాబూ, ముందు తల్లిదండ్రుల సంతకాలు తీసుకున్నారా? హెడ్మాస్టర్ పర్మిషన్ కాగితం మీద ఉందా? పిల్లలు 18 లోపు వాళ్లు. నేను 30 ఏళ్లు పీఈటీగా చేశాను, ఇలాంటివి తర్వాత పెద్ద తలనొప్పి అవుతాయి. అయినా మండల ఫైనల్ అంటే అంత హడావిడి ఏముంది? స్కూల్ గేమ్స్ ఫెడరేషన్, అదే ఎస్‌జీఎఫ్‌లో రాష్ట్ర మీట్‌కు పోయేది జిల్లా జట్టు, బడి జట్టు కాదు. కప్పు గెలిచిన బడి నుంచి ఒక్కరూ సెలెక్ట్ కాకపోవచ్చు, ఓడిన బడి నుంచి ఇద్దరు పోవచ్చు. మా రోజుల్లో పిల్లలకు ట్రాక్ ప్యాంటు కూడా మేమే చందాలు వేసుకుని కొనేవాళ్లం.

పత్తిచేను:
సంతకాలున్నాయి సార్. సెలక్షన్ సంగతి మొదటి పోస్టులో రాయలేదు, నా పొరపాటే. పత్తి పని అయ్యాక రైడర్ సెలక్షన్స్‌కు సరిగ్గా ఒక రోజు ముందు వచ్చింది. లిస్టులో ఆమె పేరు రాలేదు. మా బడి నుంచి ఒక్కరే సెలెక్ట్ అయ్యారు, లెఫ్ట్ కార్నర్ ఆడే అమ్మాయి. ఆమె మీద నా దగ్గర పెద్దగా ఫుటేజ్ కూడా లేదు, మాట్లాడే పిల్ల కాదు.

కత్తెర:
అసలు సంగతి ఇంత ఆలస్యంగా చెప్తే ఎట్లా తమ్ముడూ! నీ సినిమా ఆ లిస్టులో ఉంది. పత్తి చేను ఎక్కడికీ జరపక్కర్లేదు, క్లైమాక్స్‌ను జరుపు.

ఫైనల్ తర్వాత చప్పబడటానికి కారణం పత్తి చేను తర్వాత రావడం కాదు. సినిమా మొదట్లో నువ్వు వేసిన ప్రశ్న ‘ఫైనల్ గెలుస్తారా’. దానికి జవాబు వచ్చేశాక మనిషి ఇంకా ఎందుకు కూర్చుంటాడు? ఇక్కడ పీఈటీ సార్ ఏదో మాటల్లో అనేశారు చూడు, గెలిచిన బడి నుంచి ఒక్కరూ పోకపోవచ్చని. ఆ మాట మీ పీఈటీ నోటి నుంచో, ఒక పిల్ల నోటి నుంచో మొదటి పది నిమిషాల్లో పడాలి. అప్పుడు ప్రతి మ్యాచ్‌కూ రెండు అర్థాలు వస్తాయి. జట్టు గెలుస్తోంది, కానీ జట్టుగా ఇంకెంతో దూరం పోదు. ఆ తర్వాత 12 రోజుల పత్తి, సెలక్షన్‌కు ముందు ఉన్న చోటే ఉండి నీకు కావలసిన టెన్షన్ తెస్తుంది. వస్తుందా, వచ్చినా ప్రాక్టీస్ లేకుండా ఆడగలదా? ఇది నిజంగా జరిగిన వరుస. తండ్రి మీద నింద కూడా పడదు.

‘అన్‌డిఫీటెడ్’ చూశావా? అమెరికాలోని మెంఫిస్‌లో మనాసస్ హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు మీద తీసిన డాక్యుమెంటరీ, 2009 సీజన్ ఒక్కటే. 2012లో ఆస్కార్ వచ్చింది. ఆ బడికి వందేళ్లకు పైగా చరిత్ర, ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ కూడా గెలవలేదు. ఇది ముందే చెప్పేస్తారు. చివరికి ఆ ప్లేఆఫ్ కూడా ఓడిపోతారు, అయినా సినిమా కూలిపోదు. మోకాలు దెబ్బతిని సీజన్ చాలావరకు పోగొట్టుకున్న ఒక కుర్రాడికి ఎవరో పేరు చెప్పకుండా కాలేజీ ఫీజు కడతామన్నారని కోచ్ చెప్పే సీన్ ఉంది. జనం ఎక్కువగా ఏడ్చేది అక్కడే, గ్రౌండ్‌లో కాదు. స్కోర్ ఒక దారి, పిల్లల బతుకు ఇంకో దారి. రెండూ మొదటి నుంచే నడిస్తే ఒకటి ఆగిపోయినా రెండోది నడుస్తుంది.

ఇంకో పని చెయ్. ఫైనల్ స్కోర్ షీట్ ఫొటో ఉందా? మలుపు ఎక్కడుందో నీ జ్ఞాపకాన్ని అడగకు, షీట్‌ను అడుగు.

పత్తిచేను:
ఉందక్కా, ఇప్పుడే తీసి చూశాను. ఆఖరి రైడే మలుపు అని ఇన్నాళ్లూ అనుకున్నాను, కాదు. సెకండాఫ్‌లో మా వాళ్లు ఐదు పాయింట్లు వెనక ఉన్నారు, కోర్టులో ఇద్దరే మిగిలారు. ఆ ఇద్దరూ ఔటయితే లోనా పడి ఇంకో రెండు పాయింట్లు పోయేవి. అప్పుడు లెఫ్ట్ కార్నర్ అమ్మాయి వాళ్ల రైడర్ చీలమండ పట్టేసింది. ఆ పాయింట్‌తో ఒకరు లోపలికి రావాలి. అందరికంటే ముందు ఔటయి కూర్చున్నది మా మెయిన్ రైడరే, ఆమే వచ్చింది. అక్కడి నుంచే స్కోర్ మారింది.

ఒక్కటే బాధ. ఆ టైమ్‌లో నా కెమెరా బయట కూర్చున్న రైడర్ ముఖం మీద ఉంది. పట్టు కనపడదు. ఆమె ‘కాలు, కాలు!’ అని అరవడం, ఆ వెంటనే విజిల్, ఆమె లేచి పరుగెత్తడం, అంతే ఉంది.

కత్తెర:
బాధెందుకు? కాలు పట్టుకున్న షాట్ ఎవడైనా తీస్తాడు. చివర్లో లిస్టులో పేరు వచ్చే పిల్ల, లిస్టులో పేరు రాని పిల్లను కోర్టులోకి తిరిగి తెచ్చింది. ఆ క్షణంలో నీ కెమెరా రెండో పిల్ల మీద ఉంది. ఆ షాట్‌ను కత్తిరించకుండా వాడు. అయితే దానికంటే ముందు, ఔటైనవాళ్లు ఎట్లా తిరిగొస్తారో చూసేవాళ్లకు తెలిసి ఉండాలి. లేకపోతే ఆమె ఎందుకు లేచిందో ఊరివాళ్లకు తెలుస్తుంది గానీ ఫెస్టివల్లో కూర్చున్నవాళ్లకు తెలియదు. మొదటి లీగ్ మ్యాచ్‌లో ఒక్కసారి చూపించు చాలు, వాయిస్ ఓవర్ వద్దు.

గంట సినిమాలో ఫైనల్‌కు తొమ్మిది నిమిషాలు ఇవ్వు, దాంట్లో మూడు నాలుగు రైడ్లకు మించి వద్దు. మిగతా మ్యాచ్‌లు ఒక్కోటీ 40 సెకన్లలో పోనీ. పెట్టిన రైడ్‌ను మాత్రం మధ్యలో కోయకు. కూత ఒకే ఊపిరి. రెండు రైడ్ల ముక్కలు అతికిస్తే కన్ను మోసపోతుందేమో గానీ కూత తెగడం చెవికి దొరికిపోతుంది. రైడ్ ఎంత లాగినా 30 సెకన్లే కదా, ఉంచెయ్.

కట్ పూర్తయ్యాక కబడ్డీ తెలియని ఒకరికి చూపించు. ప్రతి మ్యాచ్ ముందు ఆపి ‘ఓడితే ఏం పోతుంది?’ అని అడుగు. జవాబు చెప్పలేకపోతే అక్కడ టెన్షన్ లేనట్టే, మ్యూజిక్ ఎంత పెంచినా రాదు.

మూడో_అంకం:
సెలక్షన్ క్లైమాక్స్ ఒప్పుకుంటున్నాను, నాకు తట్టలేదు. కానీ మొదటి పది నిమిషాల్లో ప్రాక్టీసు, పీఈటీ మాటలు పెడితే యూట్యూబ్‌లో ఎవడుంటాడు అక్కా? ఆఖరి రైడ్‌తో ఓపెనింగ్ మాత్రం ఉండాల్సిందే.

కత్తెర:
అది పెడితే వీళ్లు ఫైనల్‌కు వస్తారని మొదటి నిమిషంలోనే చెప్పేసినట్టు. లీగ్, సెమీస్ మ్యాచ్‌లన్నీ ఉత్తవైపోతాయి.

మూడో_అంకం:
వాటికి ఎలాగూ 40 సెకన్లే అన్నారుగా!

ఖోఖో_అక్క:
హహ, ఈ పాయింట్ తమ్ముడికే. నన్నడిగితే పత్తి చేనుతో మొదలుపెట్టండి. ఒక అమ్మాయి పత్తి తీస్తోంది, నడుముకు ఒడి, వేళ్ల మీద గీతలు. ఎవరో ఏమిటో చెప్పొద్దు. గంటలో మళ్లీ అదే చేనుకు వస్తాం.

కత్తెర:
చూడ్డానికి బాగుంటుంది. కానీ ‘పాపం పేద పిల్ల’ అనే ముద్ర మొదటి షాట్‌లోనే పడిపోతుంది. నాకు నచ్చలేదు, నాది ఒక్క ఓటే అనుకోండి.

పత్తిచేను:
ఓపెనింగ్ రెండు రకాలుగా కట్ చేసి చూస్తాను. ఇంకో చిక్కుంది. లిస్టు వచ్చిన రోజు నేను జిల్లా కేంద్రంలో లేను. మా బడి పీఈటీ సార్‌కు ఫోన్ వచ్చింది. ఆ పిల్లలిద్దర్నీ లిస్టు బోర్డు ముందు నిలబెట్టి ఇప్పుడు మళ్లీ తీయొచ్చా?

ఖోఖో_అక్క:
వద్దు. ఒకసారి ఏడ్చిన పిల్లను కెమెరా కోసం రెండోసారి ఏడవమంటారా?

మూడో_అంకం:
ఏడవమనక్కర్లేదు, ఊరికే బోర్డు వైపు నడవమనండి. వెనక నుంచి తీయొచ్చు.

పాతకాపు_పీఈటీ:
బోర్డు ఏమిటి బాబూ, ఇప్పుడన్నీ వాట్సాప్‌లోనే వస్తున్నాయి.

కత్తెర:
సార్ చెప్పింది నిజం. లేని బోర్డు కట్టొద్దు. ఫోన్ వచ్చినప్పుడు పీఈటీ ఎక్కడున్నారు?

పత్తిచేను:
మా బడి గ్రౌండ్‌లోనే, చిన్న పిల్లలతో వార్మప్ చేయిస్తున్నారు. కెమెరా పిల్లల మీద ఉంది. కాలర్ మైక్ మాత్రం సార్‌కే ఉంది, ఆన్‌లోనే ఉంది. ‘ఒక్కరేనా సార్?’ అన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. ఆ మౌనం వెనక పిల్లలు లెక్కపెట్టడం వినిపిస్తోంది, పదహారు, పదిహేడు, పద్దెనిమిది.