బ్లాక్ హీల్స్‌కి మారినా మోకాలి నొప్పి తగ్గలేదు, ఎందుకు?

పసుపుగడప: ఆఫీసుకి స్టిలెట్టోలు వేసుకునేదాన్ని. మోకాలి చిప్ప దగ్గర నొప్పి మొదలయ్యాక, అందరూ చెబితే బ్లాక్ హీల్స్‌కి మారాను. రెండు జతల ఎత్తూ మూడు అంగుళాలే. కాలు తూలడం ఆగింది కానీ మెట్లు దిగుతుంటే మోకాలు ఇంకా ఎక్కువ లాగుతోంది. సాయంత్రానికి నడుం పట్టేస్తోంది. ఎత్తు తగ్గించాలా, మెత్తటి సోల్ వేయిస్తే చాలా?

మీనాక్షి77: స్టిలెట్టోలని తిట్టకుండా ఒక్క చర్చా జరగదా ఇక్కడ? నేను ఇప్పటికీ అవే వేస్తాను. దారిలో ఫ్లాట్స్, సీటు దగ్గర స్టిలెట్టోలు. కూర్చునే పనికి ఏ హీల్ అయితే ఏంటి?

గట్టినేల: మీరు కొన్నది నాసిరకం అయ్యుంటుంది. బ్లాక్‌లో బరువు వెడల్పుగా పడుతుంది, మోకాలి మీద భారం సగానికి సగం తగ్గిపోతుంది. ఇది మామూలు లెక్క.

నడకపాఠం: తగ్గదండీ. నేను ఫిజియోథెరపిస్టుని, రోజూ జనం నడకే చూస్తాను. వెడల్పు కాపాడేది చీలమండని, అంటే కాలు మెలిక పడకుండా. మోకాలికి లెక్క ఎత్తే. మడమ పైకి లేస్తే మోకాలు కాస్త వంగి ఉండాల్సి వస్తుంది, దాన్ని తొడ ముందు కండరం బిగబట్టి ఆపుతుంది, ఆ ఒత్తిడంతా చిప్ప వెనక పడుతుంది. 2001లో కెర్రిగన్ బృందం లాన్సెట్ పత్రికలో రాసింది: వట్టికాళ్ళ నడకతో పోలిస్తే సన్న హీల్‌తోనూ వెడల్పు హీల్‌తోనూ మోకాలి లోపలివైపు భారం ఐదో వంతు కంటే ఎక్కువే పెరిగింది. సన్నదానికీ వెడల్పుదానికీ పెద్ద తేడా లేదు.

గట్టినేల: వట్టికాళ్ళతో పోల్చారా! ఆఫీసుకి వట్టికాళ్ళతో ఎవరు వెళ్తారండీ?

నడకపాఠం: ఆ మాట నిజమే. అందుకే వాళ్ళే 2005లో హీల్ లేని బూట్లతో పోల్చి చూశారు. ఒకటిన్నర అంగుళానికే భారం పెరిగింది. దీనివల్ల కీళ్ళు అరుగుతాయని రుజువైందని నేను అనట్లేదు, భారం పెరుగుతుందనే అంటున్నా.

గట్టినేల: అంటే మీరే ఒప్పుకున్నారుగా రుజువు కాలేదని. చాలు.

నడకపాఠం: సగం చదివి చాలంటే ఎలా?

తోలుపని: ఇద్దరూ కాస్త ఆగండి. అమ్మా, ఆ మూడు అంగుళాలు ఎక్కడ కొలిచారు? వెనక ఎత్తులోంచి ముందు వేళ్ళ కింది మందం తీసేస్తే మిగిలేదే అసలు వాలు. పైగా చిన్న పాదానికి అదే ఎత్తు ఇంకా నిటారుగా ఉంటుంది. 40 సైజు వాళ్ళకి హాయిగా ఉన్న హీల్ 35 వాళ్ళకి నిచ్చెనే.

పసుపుగడప: ఇప్పుడే స్కేలు పెట్టి చూశాను. స్టిలెట్టోకి ముందు ముప్పావు అంగుళం మందం ఉంది, పైకి తెలీదు. బ్లాక్‌కి పావు అంగుళమే. అంటే పాతది రెండుంపావు, కొత్తది రెండుముప్పావా? నా సైజు 35.

తోలుపని: అదీ సంగతి. వెడల్పు చూసి కొన్నారు, వాలు అర అంగుళం పెరిగింది.

మీనాక్షి77: చూశారా, స్టిలెట్టోయే నయం!

నడకపాఠం: మోకాలికి ఆ జతలో, అంతే. ముందు మందం ఎక్కువైతే అడుగుభాగం వంగదు, నేల కాలికి తెలీదు, మెలిక పడితే గట్టిగా పడుతుంది.

వాన_వెలిసింది: నాది వేరే గోల. చాలా ఏళ్ళ హీల్స్ ఒక్కసారిగా మానేసి పూర్తి ఫ్లాట్స్‌కి మారితే పిక్కలూ మడమ వెనకా భరించలేని నొప్పి. అందరూ ఫ్లాట్స్ మంచివంటారే?

నడకపాఠం: ఎక్కువకాలం హీల్స్ వేస్తే పిక్క కండరపు పోగులు పొట్టిగా అవుతాయి, మడమ వెనక నరంలా తగిలే ఆ గట్టి పట్టీ బిరుసెక్కుతుంది. 2010లో కొలిచి మరీ చూపించారు. ఒక్కసారిగా దిగకండి. అర అంగుళం తక్కువ జతతో కొన్ని వారాలు, తర్వాత ఇంకో మెట్టు. పిక్కలు సాగదీస్తూ ఉండండి.

పసుపుగడప: మరి నడుం సంగతి ఎవరూ చెప్పలేదు.

గట్టినేల: నడుం లోపలికి వంగిపోతుంది, అందరికీ తెలిసిందే.

నడకపాఠం: అందరికీ తెలిసినదే తేలలేదు. ఆ వంపు పెరిగిందని కొన్ని కొలతలు, మారలేదనీ తగ్గిందనీ మరికొన్ని. వెన్ను పక్క కండరాలు మాత్రం ఎక్కువ పని చేస్తాయి, సాయంత్రం పట్టేయడం అందువల్లే కావచ్చు. కాలిలోకి నొప్పి పాకడం, తిమ్మిరి ఉంటే హీల్స్ మీదకి నెట్టేయక డాక్టరుకి చూపించండి.

పసుపుగడప: అలాంటివేం లేవు. ఈ బ్లాక్‌నే అంగుళం కోయించొచ్చా?

తోలుపని: వద్దమ్మా. పావు అంగుళం దాకా పర్లేదు. అంతకుమించి కోస్తే లోపలి ఇనుపపట్టీ వంపు అలాగే ఉండి, ముందు కొన పైకి లేస్తుంది, బరువు వెనక్కి పడుతుంది. మడమ టిప్ బయటి అంచు అరిగిందేమో చూడండి, అది మార్పిస్తే ఒరుగు పోతుంది.

మీనాక్షి77: టిప్ అంటే గుర్తొచ్చింది, స్టిలెట్టోకి లోహపు టిప్ వేయించొచ్చా? పాలిష్ నేల మీద జారుతుందా?