కట్టిన బిల్లుకే డిస్‌కనెక్షన్ నోటీసు: మళ్లీ కట్టాలా, వద్దా?

అద్దింటి వాసి: 8వ తేదీన 1,840 రూపాయల కరెంటు బిల్లు యూపీఐలో కట్టాను. బ్యాంకులో డబ్బు కట్ అయింది. సైట్లో ఇంకా బాకీ చూపిస్తోంది. నిన్న లైన్‌మన్ నోటీసు ఇచ్చి వెళ్లాడు. అమ్మకి రాత్రిళ్లు ఆక్సిజన్ మిషన్ పెట్టాలి. మళ్లీ కట్టేయాలా?

గోదారి కుర్రాడు: ఒక్క రూపాయి కూడా కట్టకండి. డబ్బు కట్ అయితే కట్టినట్టే. మళ్లీ కడితే తప్పు మీదేనని ఒప్పుకున్నట్టు. 15 రోజుల నోటీసు లేకుండా ఫ్యూజు పీకే హక్కు వాళ్లకి లేదు.

పాత రెవెన్యూ ఉద్యోగి: 15 రోజుల మాట నిజమే, 2003 విద్యుత్ చట్టం 56వ సెక్షన్‌లో ఉంది. కానీ మన ఖాతాలోంచి పోవడం వేరు, మన సర్వీసుకి జమ కావడం వేరు. రసీదు తెరవండి బాబూ. పెండింగ్ అని ఉంటే డబ్బు మధ్యలో ఆగింది. ఐదు రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి, దాటితే రోజుకి 100 రూపాయలు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లోనే చెప్పింది. సక్సెస్ అని ఉంటే మాత్రం రసీదులోని సర్వీసు నంబరుని కాగితం బిల్లుతో ఒక్కో అంకె సరిచూడండి.

మణి అక్క: నాకూ మొన్న మెసేజ్ వచ్చింది, రాత్రి 9.30కి కరెంటు తీసేస్తాం, ఈ నంబరుకి ఫోన్ చేయండి అని. చేయనా?

పాత రెవెన్యూ ఉద్యోగి: వద్దమ్మా, అది మోసం. వాళ్లు చెప్పిన యాప్ ఏదైనా ఇప్పటికే వేసుకుని ఉండి, డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అద్దింటి వాసి: చూశాను సార్. సక్సెస్ అనే ఉంది, కానీ చివరి నాలుగు అంకెలు వేరు. అది మేం ఖాళీ చేసిన ఇంటి సర్వీసు, యాప్‌లో సేవ్ అయి ఉండిపోయింది.

పాత రెవెన్యూ ఉద్యోగి: నా కౌంటర్ దగ్గర ఇలాంటివి ఎన్నో చూశాను. రసీదు, బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ చెల్లింపుకి ఉండే యూటీఆర్ నంబరు, రెండు సర్వీసు నంబర్లు రాసిన అర్జీ పట్టుకుని రేపే కరెంటు రెవెన్యూ ఆఫీసుకి వెళ్లండి. నకలు మీద స్టాంపు వేయించుకోండి. పాత ఇంటి తర్వాతి బిల్లులో ఆ డబ్బు సర్దుబాటు అయిపోతే వెనక్కి తేవడం కష్టం. ఈలోగా ఈ బిల్లు కట్టేయండి, మీ సర్వీసుకి ఇంకా పైసా చేరలేదు.

గోదారి కుర్రాడు: డబ్బు చేరింది ఆ డిస్కంకే కదా! వాళ్ల పుస్తకాల్లో సర్దుకోడానికి ఈయన రెండుసార్లు ఎందుకు కట్టాలి?

పాత రెవెన్యూ ఉద్యోగి: న్యాయంగా అడిగారు. బిల్లు మీద వివాదం ఉంటే, అడిగిన మొత్తమో, ఆరు నెలల సగటో, ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూ కడితే కరెంటు తీయకూడదని అదే సెక్షన్ చెబుతోంది. అలా కడితే తప్పు ఒప్పుకున్నట్టు కాదు. ఆఫీసు వినకపోతే వినియోగదారుల ఫిర్యాదుల ఫోరం ఉంది.

అద్దింటి వాసి: అమ్మ కోసం ఇప్పుడే కట్టేశాను, ఈసారి నంబరు రెండుసార్లు చూసుకుని. పాత ఇంటి ఓనరుకి ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఆయన ఒప్పుకోకపోయినా ఆఫీసువాళ్లు ఆ డబ్బు మార్చగలరా?