ఫాల్, జాకెట్టు రేట్లు అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టాలా, అడిగినవాళ్ళకే చెప్పాలా?

బాచుపల్లి కొత్తమ్మాయి: ఇంట్లోనే జాకెట్లు కుడతాను, మగ్గం వర్క్ కూడా వచ్చు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పోస్ట్ పెడదామంటే మావారేమో రేట్లు కూడా రాసెయ్ అంటున్నారు, మా అక్కేమో రేటు కనపడితే అందరూ బేరానికే వస్తారంటోంది. పండగలప్పుడు తప్ప ఆర్డర్లు లేవు. ఏం చెయ్యమంటారు?

గుంటూరు మిర్చి: మీ అక్క చెప్పిందే కరెక్ట్. మా వీధిలో ఒకావిడ లైనింగ్ జాకెట్టు 350 అని పెట్టింది, సాయంత్రానికల్లా పక్క సందులో ఆవిడ 300 అని పెట్టేసింది, ఇక చూడు ఇద్దరికీ గొడవ. రేట్ల జోలికి పోకుండా ఇన్‌స్టాలో రీల్స్ పెట్టుకో, ఆర్డర్లు అవే వస్తాయి.

మియాపూర్ కాలనీ అడ్మిన్: రేటు లేని పోస్ట్ పెడితే కింద నలభై మంది "ఎంతండీ" అని అడుగుతారు, గ్రూపంతా అదే గోల. మా దగ్గర అందుకే అమ్మకాల పోస్టులకి ఆదివారం ఒక్కటే ఇచ్చాం, మిగతా రోజుల్లో పెడితే తీసేస్తాను. మీ గ్రూపులో రూల్ ఏంటో ముందు కనుక్కోండి.

సూది దారం: రేట్లు అన్నీ పెట్టక్కర్లేదు, అన్నీ దాచక్కర్లేదు కూడా. ఫాల్-పికో, ప్లెయిన్ లైనింగ్ జాకెట్టు రేట్లు పెట్టెయ్, మగ్గం రేటు మాత్రం పెట్టకు. ఫాల్ పని ఏ చీరకైనా దాదాపు ఒకటే, పైగా అందులో మిగిలేది కూడా ఏమంత ఉండదు. కానీ పికో చెయ్యాలంటే ముందు చీరకున్న జాకెట్టు ముక్క కత్తిరించాలి కదా, ఆ ముక్క నీ చేతిలోనే ఉంటుంది. చీర తిరిగిచ్చేటప్పుడు "ముక్క నా దగ్గరే ఉంచమంటారా ఆంటీ, కొలత జాకెట్టు ఒకటి పంపండి" అంటే చాలు. నాకు మామూలు నెలల్లో వచ్చే జాకెట్లు ఎక్కువగా ఇలా వచ్చినవే. కాకపోతే కాటన్ ఫాల్ నీళ్ళలో తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కుట్టు. అలా చెయ్యకపోతే చీర ఉతికిన మొదటిసారే ఫాల్ లాగేసి బోర్డరంతా ముడతలు పడుతుంది, ఆ ఇంటి నుంచి మళ్ళీ ఏ పనీ రాదు.

మగ్గం సంగతి వేరు. మొన్న మా పై ఫ్లోర్ ఆవిడ ఫొటో పంపి ఎంతవుతుంది అంది, మెడ చుట్టూ, చేతుల అంచులకి జర్దోసీ, పూసలు. సామాను 300, పని నాకు 14 గంటలు, గంటకి 60 వేసుకున్నా 840, లైనింగుతో కుట్టుకూలి 500, మొత్తం 1640 చెప్పా. అదే చేతుల నిండా బూటాలు కావాలంటే ఇంకో రోజు పని. గ్రూపులో "మగ్గం 1500 నుంచి" అని రాశామనుకో, ఏ ఫొటో పంపినా 1500కే కావాలంటారు. రీల్స్ అంటారా, వరంగల్‌లో చూసి లైక్ కొట్టినావిడ కొలత జాకెట్టు ఇవ్వడానికి బాచుపల్లి రాదు కదండీ.

ఒంగోలు పిన్ని: నేను కంప్యూటర్ ఎంబ్రాయిడరీ మెషిన్ కొన్నాను, జరీ దారం వేస్తే ఊరికే తెగిపోతోంది, దీనికేమైనా చెప్తారా?

సూది దారం: అది వేరే టాపిక్ పిన్నీ 😀 మెటాలిక్ దారానికి వేరే సూది దొరుకుతుంది, అది వేసి స్పీడ్ తగ్గించి పైదారం టెన్షన్ కాస్త వదులు చేసి చూడండి.

గుంటూరు మిర్చి: సరే రీల్స్ వదిలెయ్. మరి పక్క ఫ్లాట్ వాళ్ళని అడ్వాన్స్ ఎలా అడుగుతాం? రోజూ లిఫ్ట్‌లో మొహాలు చూసుకోవాలి.

సూది దారం: ఫాల్‌కి, ప్లెయిన్ జాకెట్టుకి నేనూ అడగను. మగ్గానికి సామాను డబ్బులు రాకుండా ఫ్రేముకి బట్ట బిగించను, ఎవరైనా సరే.

మియాపూర్ కాలనీ అడ్మిన్: సామాను డబ్బులేంటండీ, సగం తీసుకోవాలి. మా ఆవిడ కుట్టిన జాకెట్టు ఒకటి బీరువాలో ఏడాదిగా అలాగే ఉంది, వాళ్ళు ఇల్లు మారి వెళ్ళిపోయారు.

సూది దారం: సగం అంటే మా బ్లాకులో ఎవరూ ఇవ్వరు. మీ దగ్గర ఇస్తే అదృష్టమే. కొత్తమ్మాయీ, పండగలకే ఆర్డర్లన్నావు కదా, ఆషాఢం డిస్కౌంట్లలో అందరూ చీరలు కొంటారు, ఫాల్ పోస్ట్ అప్పుడు పెట్టు. ఆ జాకెట్లు వాళ్ళకి శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి కావాలి, కాబట్టి ఫలానా తేదీ దాటాక తీసుకోనని అదే పోస్టులో రాసెయ్. ఆఖరి వారం ఒప్పుకున్నవే లేటయి మాటలు పడేది.

బాచుపల్లి కొత్తమ్మాయి: థాంక్స్ అక్కా. ఫాల్, ప్లెయిన్ జాకెట్టు రేట్లు పెట్టా, అప్పుడే రెండు చీరలొచ్చాయి. ఒకటి పెద్దంచు పట్టుచీర, మెషిన్ మీద వేసెయ్యొచ్చా?

సూది దారం: వద్దు, అంచు మీద మెషిన్ కుట్టు పైకి కనపడుతుంది. చేతి కుట్టే వెయ్యి, దానికి రేటు ఎక్కువని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు, కుట్టాక చెప్తే బాగోదు.